పచ్చళ్ళ వెబ్‌సైట్‌కి "జాడీ" పేరు: డొమైన్ ఖాళీగా ఉంది, ట్రేడ్‌మార్క్ గొడవ వస్తుందా?

గుంటూరు_సుభద్ర

అందరికీ నమస్కారమండీ. అమ్మా నేనూ ఇంట్లో పచ్చళ్ళు, పొడులు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని అమ్ముతున్నాం. ఇప్పటిదాకా డబ్బా మీద పేరంటూ ఏమీ లేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, మా ఫోన్ నంబరు, లోపలున్నది ఆవకాయో గోంగూరో రాసిన స్టిక్కరు, అంతే. ఇప్పుడు వెబ్‌సైటు పెట్టి కొరియర్‌లో అన్ని ఊళ్ళకీ పంపాలని అనుకుంటున్నాం.

పేరు "జాడీ" అనుకున్నాం. ఇంగ్లీషులో `jaadi`. ఒట్టి ఆ మాటకి .com, .in రెండూ ఎవరో తీసేసుకున్నారు. వెనకాల foods అని తగిలిస్తే రెండూ ఖాళీగా ఉన్నాయి. లేబుళ్ళు వేసే ప్రెస్సు ఆయన డిజైను త్వరగా ఇమ్మంటున్నారు, ఐదు వేలకి తక్కువైతే వేయరట. డబ్బు పెట్టేముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. డొమైన్ ఖాళీగా ఉందంటే ఆ పేరు మనం వాడుకోవచ్చనేనా? ట్రేడ్‌మార్క్ ఎవరికైనా ఉందో లేదో నా అంతట నేను చూసుకునే దారి ఉందా?

కోడ్_కుర్రాడు

అక్కా, ముందు ఆ రెండు డొమైన్లూ ఇవాళే కొనేయండి. నేను చిన్న వ్యాపారాలకి సైట్లు చేస్తుంటాను. ఆలోచిస్తూ కూర్చుంటే వేరేవాళ్ళు ఎగరేసుకుపోతారు. మీ సొంత ఈమెయిల్‌తో, మీ సొంత అకౌంట్‌లోనే కొనండి. డెవలపర్ అకౌంట్‌లో కొనిస్తే రేపు మాట తేడా వస్తే పేరు వాళ్ళ చేతిలో ఉండిపోతుంది. నేనూ డెవలపర్నే అయినా ఇదే చెప్తాను.

ట్రేడ్‌మార్క్ సంగతి పెద్ద కంపెనీలకి. ఎవరికైనా అదే పేరున్నా మీ స్పెల్లింగ్ వేరైతే చాలు, ఒక a ఎక్కువ పెడితే వేరే పేరే. రేపు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకుని కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర పేరు ఖాయమైందంటే ఇక ఎవరూ అడగలేరు.

బెజవాడ_మార్కులవకీలు

తమ్ముడు సొంత అకౌంట్ గురించి చెప్పింది బంగారం లాంటి మాట. మిగతా రెండూ మాత్రం సుభద్రగారు నమ్మకూడదు.

డొమైన్ అమ్మేవాళ్ళు ఒక్కటే చూస్తారు: సరిగ్గా ఈ అక్షరాలతో ఇంకెవరైనా ఇప్పటికే కొన్నారా లేదా. కంపెనీల రిజిస్ట్రార్ ఆ పేరుతో కంపెనీ గాని, మార్కు గాని ఉందేమో కొంత చూస్తారు. కానీ అక్కడ పేరు వచ్చినంత మాత్రాన ట్రేడ్‌మార్క్ హక్కు రాదు, అవతలివాళ్ళ హక్కూ పోదు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ చూసేది వేరు. వినేవాడికి, కొనేవాడికి రెండు పేర్లూ ఒకటే అనిపిస్తాయా అన్నది వాళ్ళ ప్రశ్న. అక్కడ a ఒకటి ఎక్కువైతే ఒరిగేదేమీ లేదు, చెవికి అదే వినిపిస్తుంది.

డొమైన్ పేరు మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఉంది. సత్యం ఇన్ఫోవే వాళ్ళు సిఫీ అనే పేరు 1999 నుంచి వాడుతున్నారు. 2001లో ఇంకొకరు సిఫీనెట్ అని, ఒక f ఎక్కువేసి డొమైన్ తీసుకుని వ్యాపారం మొదలుపెట్టారు. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు ఆపమంది, హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు మళ్ళీ కింది కోర్టు ఉత్తర్వునే నిలబెట్టింది. డొమైన్ పేరు ఒట్టి చిరునామా కాదు, వ్యాపారాన్ని గుర్తుపట్టే పేరు కూడా, కాబట్టి ట్రేడ్‌మార్క్ నియమాలు దానికీ వర్తిస్తాయని చెప్పింది. అవతలివాళ్ళు కూడా డొమైన్‌ని పద్ధతిగా డబ్బు కట్టి కొనుక్కున్నవాళ్ళే. డొమైన్ దొరకడం వాళ్ళని కాపాడలేదు.

సుభద్రగారూ, చూసుకునే దారి ఉంది, ఉచితం కూడా. `ipindia.gov.in`లో ట్రేడ్‌మార్క్స్ కింద పబ్లిక్ సెర్చ్ ఉంటుంది. అందులో వర్డ్‌మార్క్ ఎంచుకుంటే క్లాసు అడుగుతుంది. సరుకులూ సేవలూ కలిపి 45 క్లాసులు. మీ పచ్చళ్ళు 29లోకి వస్తాయి. కారప్పొడి, కందిపొడి, మసాలాలు, స్వీట్లు 30లో. ఆన్‌లైన్‌లో దుకాణం నడపడం 35లో. ఇవి మూడూ విడివిడిగా వెతకండి. హోటళ్ళ క్లాసు 43 కూడా చూడండి, తిండి పేర్లు అక్కడ చాలా ఉంటాయి.

వెతికేటప్పుడు మీ స్పెల్లింగ్ ఒక్కటే కొట్టి "ఏమీ రాలేదు" అని సంతోషపడకండి. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. "కంటెయిన్స్" పెట్టి ఈ ముక్కలన్నీ వేయండి:

```
jaadi
jadi
jaadee
jaady
jadee
zaadi
jaad
```

తర్వాత ఫొనెటిక్ అనే ఆప్షన్ ఉంది, దాంట్లో కూడా వేయండి. అది ఇంగ్లీషు ఉచ్చారణ లెక్కన పనిచేస్తుంది, మన దీర్ఘాలూ ఒత్తులూ దానికి తెలియవు. అందుకని దాని మీదే ఆధారపడొద్దు. వచ్చినవాటిలో స్టేటస్, సరుకుల జాబితా, ఎప్పటినుంచి వాడుతున్నామని రాశారు, ఈ మూడూ చూసి ఇక్కడ పెట్టండి. యజమాని పేర్లు పెట్టనక్కర్లేదు.

నెల్లూరు_శ్రీను

అమ్మా, jaadi డొమైన్ ఎవరి దగ్గరుందో వాళ్ళకి ఈమెయిల్ పెట్టి బేరమాడండి. చాలామంది ఊరికే కొనిపెట్టుకుని అమ్మడానికే ఉంటారు. మొదట తక్కువ చెప్పి మొదలుపెట్టండి, వ్యాపారం కోసమని చెప్పకండి, రేటు పెంచేస్తారు. ఒట్టి పేరుకున్న విలువ foods తగిలించిన దానికి రాదు.

గుంటూరు_సుభద్ర

శ్రీనుగారూ, థాంక్సండీ, కానీ ఇప్పుడు నా టెన్షన్ డొమైన్ ధర గురించి కాదు, పేరు గురించే.

వకీలుగారూ, మీరు చెప్పినట్టే అన్నీ వేసి చూశాను. jadi అని వేస్తే ఆయుర్వేదం మందులవి బోలెడు వచ్చాయి, అన్నీ హిందీ "జడీబూటీ" తరహా పేర్లు. అవి నేను పట్టించుకోవాలా? 30లో ఒకటి మన పేరులాగే పలికేది ఉంది, స్టేటస్ ఆబ్జెక్టెడ్ అని ఉంది, సరుకులు టీ పొడి, కాఫీ. ఇంకొకటి అబాండన్డ్ అని ఉంది, దాంట్లో మసాలాలు.

అసలు భయపెట్టింది 29లోది. లేబుల్ మార్కు, జాడీ బొమ్మ ఉంది, కింద ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే, నా స్పెల్లింగ్ కంటే ఒక a తక్కువ. రిజిస్టర్డ్ అని ఉంది. దరఖాస్తు 2021లో పెట్టారు, "వాడబోతున్నాం" అని రాశారు. సరుకుల్లో పచ్చళ్ళు ఉన్నాయి. వేరే రాష్ట్రం వాళ్ళు. గూగుల్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఆన్‌లైన్ షాపుల్లో ఎంత వెతికినా వాళ్ళ సరుకు కనబడలేదు. వాడకపోతే మనకి ఇబ్బంది ఉండదు కదండీ?

బెజవాడ_మార్కులవకీలు

చాలా శ్రద్ధగా చూశారు. ఒక్కొక్కటి చెప్తాను.

జడీబూటీలవి మందుల క్లాసులో, మందుల కోసం. హిందీవాళ్ళకి అది మూలికలని చెప్పే మామూలు మాట. పచ్చడి కొనేవాళ్ళు పొరబడతారని ఎవరూ వాదించలేరు, వాటిని వదిలేయండి. అయితే మీ సైటు హిందీ ప్రాంతానికి కూడా అమ్మబోతోంది. `jadi` అని చూసినవాళ్ళు దాన్ని మూలిక అని చదువుకుంటారు. అది చట్టం సమస్య కాదు, అమ్మకాల సమస్య. మీరే ఆలోచించుకోవాలి.

ఆబ్జెక్టెడ్ అంటే పరీక్షించిన అధికారి అభ్యంతరం రాశారు, అవతలివాళ్ళు జవాబివ్వాలి లేదా ఇచ్చి విచారణ కోసం ఎదురుచూస్తుండాలి. ఆ దరఖాస్తు బతికే ఉంది. టీ, కాఫీకీ మీ పొడులకీ క్లాసు ఒకటే అయినా సరుకు వేరు. దాని గురించి నాకు పెద్ద బెంగ లేదు. అబాండన్డ్ అయినదాన్ని మాత్రం జాగ్రత్తగా చూడండి. కాగితం పని వదిలేశారంటే వ్యాపారం వదిలేశారని కాదు. ఆ మసాలాలు ఇంకా ఏదో జిల్లాలో కిరాణా కొట్లలో అమ్ముడవుతుంటే, రిజిస్ట్రేషన్ లేకపోయినా, ముందునుంచి వాడుతున్నామని వాళ్ళు మీ మీద కేసు వేయొచ్చు. రిజిస్టర్ చేయని పేరుకి కూడా ఈ దేశంలో కోర్టులు రక్షణ ఇస్తాయి. అందుకే గూగుల్, మ్యాప్స్, కిరాణా యాప్‌లు, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ చూడమనేది.

29లోది నిజంగా ఆలోచించాల్సింది. సరుకు అదే, చెవికి పేరు అదే. వాడటం లేదని మీకు అనిపించినంత మాత్రాన అది లేనట్టు కాదు. రిజిస్టర్ నుంచి వాడకం లేదని తీయించాలంటే, రిజిస్టర్‌లో ఎక్కిన రోజునుంచి ఐదేళ్ళు, ఆపైన మూడు నెలలు గడవాలి. అన్నాళ్ళూ వాళ్ళు నిజంగా వాడి ఉండకూడదు. దరఖాస్తు 2021లో పెట్టారంటే రిజిస్టర్‌లో ఎక్కింది ఇంకా తర్వాతే. లెక్క ఎక్కిన తేదీ నుంచే. ఈలోపు వాళ్ళు ఒక చిన్న ఊళ్ళో నాలుగు కొట్లలో అమ్మినా వాడినట్టే, అది మీకు ఇంటర్నెట్‌లో కనబడదు.

వెనకాల foods అని చేర్చడం గురించి కూడా చెప్పాలి. తిండి అమ్మే చోట foods, pickles, ruchulu లాంటి మాటలు ఎవరిని గుర్తుపట్టడానికీ పనికిరావు. అధికారి గాని, జడ్జిగాని చూసేది కొనేవాడి తలలో మిగిలే మాటని. "మొన్న తెప్పించుకున్నామే, జాడీ వాళ్ళది" అని కదా అంటారు?

కోడ్_కుర్రాడు

వకీలుగారూ, గౌరవంగానే అడుగుతున్నాను. నందిని పాల కేసు చదివాను. కర్ణాటక పాల ఫెడరేషన్‌కి నందిని ఉంది, బెంగళూరులో ఆంధ్రా భోజనం పెట్టే నందిని డీలక్స్ హోటళ్ళున్నాయి. సుప్రీంకోర్టు 2018లో హోటల్ వాళ్ళకి కూడా రిజిస్ట్రేషన్ ఇవ్వొచ్చంది. ఒకే క్లాసులో ఒకే పేరు ఇద్దరికి ఉండొచ్చని తేలింది కదా. మరి జాడీకి ఎందుకు ఉండకూడదు?

బెజవాడ_మార్కులవకీలు

మంచి కేసు పట్టావు తమ్ముడూ. నువ్వు చెప్పింది నిజమే, ఆ తీర్పు ఉంది. కానీ ఆ తీర్పు ఎందుకలా వచ్చిందో చూడు.

పాలవాళ్ళు 1985 నుంచి, హోటల్ వాళ్ళు 1989 నుంచి ఆ పేరు వాడుతున్నారు. అంటే పక్కపక్కనే ఏళ్ళ తరబడి నడిచిన వ్యాపారాలు. ఒకరిది పాలూ పెరుగూ, ఇంకొకరిది హోటలు, దానికి సంబంధించిన తిండి పదార్థాలు. నందిని అన్నది ఎవరో కల్పించిన మాట కాదు, పురాణాల్లో ఉన్న పేరు. లోగోలు చూడటానికి వేరుగా ఉన్నాయి. వీటన్నిటికీ తోడు, హోటల్ వాళ్ళు పాలు, పాల పదార్థాల జోలికి రామని తమ జాబితాలోంచి వాటిని తీసేశారు. కోర్టు ఆ షరతుతోనే ఒప్పుకుంది.

సుభద్రగారి విషయంలో ఇవేమీ లేవు. ఆవిడ ఇంకా ఆ పేరుతో ఒక్క డబ్బా అమ్మలేదు. అవతలివాళ్ళదీ పచ్చడే, ఈవిడదీ పచ్చడే. పచ్చళ్ళు నా జాబితాలోంచి తీసేస్తానని ఆవిడ అనలేరు కదా. అదే ఆవిడ జాడీ పేరుతో చీరలు అమ్ముతానంటే ఆ కేసు పట్టుకుని నేనే వాదిస్తాను.

ఓరుగల్లు_సకినాలు

నడుమల వస్తున్నందుకు ఏమనుకోకండ్రి, మా సంగతి చెప్తా. మేం 2011 నుంచి పిండివంటలు చేసి ఒక పేరుతోటి అమ్ముతున్నం. రిజిస్టర్ చేయించలేదు. 2019ల వేరే ఊరాయన అదే పేరు రిజిస్టర్ చేయించుకుని మాకు నోటీసు పంపిండు, పేరు మార్చుకోండ్రి, నష్టపరిహారం ఇయ్యుండ్రి అని. ఆన్‌లైన్ షాపుల మా సరుకు కూడా తీసేపిచ్చిండు, కంప్లయింట్ ఇస్తే వాళ్ళు ముందుగాల తీసేస్తరు, తర్వాతనే అడుగుతరు.

మమ్ములని కాపాడింది పాత కాగితాలు. 2011ల లేబుళ్ళు ఏపించిన ప్రెస్సు బిల్లులు, లైసెన్సు మీద ఉన్న పేరు, బస్సు పార్సిల్ రసీదులు అన్నీ మా నాన్న ఒక ట్రంకు పెట్టెల దాచి ఉంచిండు. ఆయన కంటే ముందు నుంచి, ఆపకుండ వాడుతున్నమని చూపెట్టంగనే మెత్తబడ్డరు. సుభద్రక్కా, మీరు ఏ పేరు పెట్టుకున్నా మొదటి బిల్లు నుంచి మీద పేరు ఉండేటట్టు చూసుకోండ్రి. వాట్సాప్ మెసేజీలు మాత్రమే ఉంటే చూపెట్టుడు కష్టం.

బెజవాడ_మార్కులవకీలు

అన్నా, మీరు చెప్పింది సరిగ్గా చట్టంలో 34వ సెక్షన్. రిజిస్టర్ చేయించుకున్నవాడు కూడా, తనకంటే ముందునుంచి ఆగకుండా వాడుతున్నవాడిని ఆపలేడు. ఆన్‌లైన్ షాపుల్లో మాత్రం ఆ రక్షణ వెంటనే పనిచేయదు, మీకు జరిగినట్టే ముందు సరుకు తీసేస్తారు. మీరిప్పటికైనా మీ పేరుకి దరఖాస్తు పెట్టండి. వాడకం 2011 నుంచని అఫిడవిట్ ఇచ్చి, ఆ ట్రంకు పెట్టెలోవే జతచేయండి. ఆయన రిజిస్ట్రేషన్ అలాగే ఉంటే మీ దరఖాస్తుకి అదే అడ్డు చూపిస్తారు, కాబట్టి రెండూ కలిపి చూసే మనిషితో పెట్టించండి.

డల్లాస్_చీరలక్క

చర్చ చాలా ఉపయోగంగా ఉందండీ. నా ప్రశ్న కొంచెం పక్కది. మేం అమెరికాలో చీరలు అమ్మే సైటు నడుపుతున్నాం, సరుకు ఇండియా నుంచి తెప్పిస్తాం. ఇండియాలో మా పేరు ఎవరికీ లేదని ఈ పబ్లిక్ సెర్చ్‌లో చూసుకున్నాం. అది చాలా? .com కాబట్టి ప్రపంచమంతా మాదే అనుకుంటున్నాం.

బెజవాడ_మార్కులవకీలు

చాలదండీ. డొమైన్ ప్రపంచమంతా తెరుచుకుంటుంది, ట్రేడ్‌మార్క్ హక్కు మాత్రం దేశం దేశానికీ వేరు. మీరు అమ్మేది అమెరికాలో కాబట్టి ముందు అక్కడి ట్రేడ్‌మార్క్ ఆఫీసు వెబ్‌సైట్‌లో వెతకాలి. పాత టెస్ సెర్చ్ 2023 చివర్లో తీసేశారు, ఇప్పుడు ట్రేడ్‌మార్క్ సెర్చ్ అని కొత్తది ఉంది.

దేశాల సంగతికి మన కోర్టు తీర్పే ఒకటి చెప్తాను. టయోటా 1997లో జపాన్‌లో ప్రియస్ కారు తెచ్చింది. ఢిల్లీలో ఒక విడిభాగాల కంపెనీ 2001 నుంచి ప్రియస్ అనే పేరు వాడుతోంది. టయోటా కేసు వేస్తే 2017లో సుప్రీంకోర్టు, ఆ 2001 నాటికి ఆ పేరుకి ఇండియాలో కొనేవాళ్ళ మధ్య తగినంత పేరుప్రతిష్ఠ ఉందని టయోటా చూపించలేకపోయిందని ఆ పేరు మీద వాళ్ళ వాదన ఒప్పుకోలేదు. అంత పెద్ద కంపెనీకే బయటిదేశంలో పేరుంటే ఇక్కడ సరిపోలేదు. మీకు అక్కడ నుంచి ఇక్కడికైనా, ఇక్కడ నుంచి అక్కడికైనా అదే కొలత.

కోడ్_కుర్రాడు

ఒక సందేహం. కోర్టు దాకా వెళ్ళకుండా ఒట్టి డొమైన్ మాత్రమే లాక్కునే పద్ధతి ఉందంటారు. అది ఎలా జరుగుతుంది? నా క్లయింట్ ఒకాయన అలాంటి ఈమెయిల్ వచ్చిందని భయపడుతున్నాడు.

బెజవాడ_మార్కులవకీలు

ఉంది. .com లాంటివాటికి, ప్రపంచమంతా డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే ఐకాన్ అనే సంస్థ విధానం, .in పేర్లకి వాటి రిజిస్ట్రీని చూసుకునే నిక్సీ అనే సంస్థ నడిపే విధానం. ఫిర్యాదు చేసినవాడు మూడు చూపించాలి. ఆ డొమైన్ తన మార్కుని పోలి ఉందని, కొన్నవాడికి ఆ పేరు మీద న్యాయమైన హక్కేదీ లేదని, చెడు ఉద్దేశంతో కొన్నాడని లేదా వాడుతున్నాడని. .com విషయంలో కొనడం, వాడటం రెండిట్లోనూ చెడు ఉద్దేశం చూపించాలి, .inలో ఏదో ఒకటి చాలు. ఐకాన్ దాంట్లో గెలిస్తే పేరు బదిలీ అవుతుంది లేదా రద్దవుతుంది, నష్టపరిహారం రాదు.

మీ క్లయింట్‌కి వచ్చిన ఈమెయిల్ ముందు చదివి చూడు. "మీ పేరుతో ఇంకొకరు మా దగ్గర డొమైన్లు అడుగుతున్నారు, మీరు వెంటనే కొనకపోతే ఇచ్చేస్తాం" అని ఉంటే అది డబ్బు గుంజే మోసం, జవాబివ్వొద్దు. నిజమైన ఫిర్యాదైతే కేసు నంబరు, ఫిర్యాది పేరు, మార్కు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి, జవాబుకి గడువు ఉంటుంది. దాన్ని మాత్రం పక్కన పెట్టకూడదు.

సుభద్రగారికి ఇందులో ఒక పాఠం ఉంది. ఆ 29లోది మీరు ఇప్పుడు చూశారు. చూశాక కూడా అదే పేరుతో డొమైన్ కొంటే, "నాకు తెలియదు" అనే మాట రేపు మీకు మిగలదు.

తెనాలి_మాస్టారు

అమ్మాయీ, పేరు ముందు ఊరు పెట్టమ్మా. "గుంటూరు జాడీ" అను. గుంటూరు అంటే కారం, పచ్చడి అని అందరికీ తెలుసు, వేరే రాష్ట్రం వాళ్ళతో పోలికే ఉండదు. లేదా ఆత్రేయపురం లాంటి పేరున్న ఊరిది పెట్టుకో, అమ్మకానికి బాగుంటుంది.

బెజవాడ_మార్కులవకీలు

మాస్టారూ, ఊరి పేరు ఎవరి సొంతమూ కాదు, సరుకు ఎక్కడిదో చెప్పే మాట. foods లాగే అది కూడా తేడా చూపించదు, మిగిలేది మళ్ళీ జాడీనే. ఆత్రేయపురం అసలు వద్దు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలా గుర్తింపున్న పేరుని ఒకరు తమ ట్రేడ్‌మార్క్‌గా చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, పైగా సుభద్రగారిది ఆ ఊరూ కాదు, ఆ సరుకూ కాదు. ఆవిడ గుంటూరులోనే చేస్తున్నారు కాబట్టి లేబుల్ మీద "తయారీ: గుంటూరు" అని చిన్నగా వేసుకోవచ్చు, అది నిజం చెప్పడమే.

గుంటూరు_సుభద్ర

మా అమ్మతో కూర్చుని రాత్రంతా మాట్లాడాను. జాడీ ఒక్కటీ పెట్టకూడదని తేల్చుకున్నాం. ప్రెస్సు ఆయనకి ఆగమని చెప్పాను.

అమ్మ "అటకజాడీ" అంది. మా ఇంట్లో ఏడాది పచ్చడి అటక మీదే ఉండేది. `atakajaadi`, `atakajadi`, `attakajaadi` అన్నీ డొమైన్లు ఖాళీ. ట్రేడ్‌మార్క్ సెర్చ్‌లో 29, 30, 35, 43లో ataka, attaka, atak అన్నీ వేశాను, దగ్గరిదేమీ రాలేదు. కానీ చివర jaadi ఉంది కదా, ఆ 29వాళ్ళు ఊరుకుంటారా? రెండో పేరు "అటకమీద" అనుకున్నాం. అది పూర్తిగా ఖాళీగానే ఉంది, కాకపోతే పచ్చడని ఎవరికీ తట్టదేమో అని చెల్లి అంటోంది.

బెజవాడ_మార్కులవకీలు

పచ్చడని తట్టకపోవడం ట్రేడ్‌మార్క్‌కి మంచిదేనమ్మా. సరుకుని వర్ణించే మాటకంటే, సరుకుతో సంబంధం లేనట్టుండే మాటకే గట్టి రక్షణ దొరుకుతుంది. లేబుల్ మీద ఆవకాయ బొమ్మ ఎలాగూ ఉంటుంది.

అటకజాడీ మీద నా అభిప్రాయం చెప్తాను, ఇంకొక వకీలు వేరేగా చెప్పొచ్చు. రెండు పేర్లనీ ముక్కలు చేసి కాకుండా మొత్తంగా పోల్చాలి. మొదట పలికే ముక్కకి బరువెక్కువ, మీది "అటక"తో మొదలవుతుంది. జాడీ అనేది పచ్చడి పెట్టే పాత్ర, ఆ మాట మొత్తం ఒకరికే చెందుతుందనడం కష్టం. అటువైపు వాదన కూడా బలమైనదే. 1962లో సుప్రీంకోర్టు ముందు అమృతధార, లక్ష్మణధార అనే రెండు మందుల పేర్లు వచ్చాయి. ముందు మాటలు పూర్తిగా వేరు, "ధార" ఒక్కటే ఉమ్మడి. అయినా మామూలు మనిషి, లీలగా గుర్తుపెట్టుకునేవాడు, పొరబడతాడని కోర్టు అంది. మీ సరుకూ వాళ్ళ సరుకూ ఒకటే కాబట్టి ఆ తీర్పు మీ మీద వాడటానికి వీలుంది.

కోడ్_కుర్రాడు

నేను ఇప్పటికీ అటకజాడీకే ఓటు వేస్తాను. పేరు వినగానే అమ్మమ్మ ఇల్లు గుర్తొస్తుంది, సైటుకి అదే పెట్టుబడి. 29వాళ్ళ సరుకు ఎక్కడా లేదు. రేపు నోటీసు వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

ఓరుగల్లు_సకినాలు

నోటీసు వచ్చినంక చూసుకునుడు ఎంత కష్టమో మాకు తెలుసు తమ్మీ. పండుగ సీజన్ల సరుకు ఆన్‌లైన్ నుంచి తీసేస్తే ఏడాది ఆదాయం పోతది. అక్కా, అటకమీద పెట్టుకో.

గుంటూరు_సుభద్ర

రెండు వైపులా అర్థమైందండీ. ఇంకా రెండు అడగాలి. దరఖాస్తు నేనే పెట్టుకోవచ్చా, ఎంత అవుతుంది? పేరు తెలుగు అక్షరాల్లో పెట్టాలా, ఇంగ్లీషులోనా? లేబుల్ మీద పేరు పక్కన ఆ చిన్న టీఎం వేసుకోవచ్చా?

బెజవాడ_మార్కులవకీలు

మీరే పెట్టుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనే, డిజిటల్ సంతకం ఉండాలి. వ్యక్తి పేరు మీద అయితే ఒక్కో క్లాసుకి 4,500 రూపాయలు. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థకీ అంతే. మామూలు కంపెనీకైతే 9,000. మీకు 29, 30 రెండూ తప్పవు. 35 డబ్బు చూసుకుని తర్వాత చేయొచ్చు. ఏపీ, తెలంగాణ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ కిందకి వస్తాయి.

లోగోకి కాకుండా ముందు ఒట్టి మాటకి పెట్టండి. లోగోకి పెడితే రేపు డిజైను మార్చినప్పుడు మళ్ళీ మొదటికి వస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, డొమైన్ కూడా అదే కాబట్టి. తర్వాత తెలుగు లిపిలో ఉన్న లేబుల్‌కి ఇంకొక దరఖాస్తు పెడితే దాంట్లో ఆ మాట ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులోనో హిందీలోనో రాసివ్వాలి. ఇంకా అమ్మలేదు కాబట్టి "వాడబోతున్నాం" అనే రాయండి, అబద్ధపు తేదీ వేయొద్దు. అభ్యంతరం వస్తే నెలలోపు జవాబివ్వాలి. అంగీకరించి జర్నల్‌లో వేశాక నాలుగు నెలలు ఎవరైనా ఎదురు చెప్పొచ్చు. ఎవరూ చెప్పకపోతే రిజిస్ట్రేషన్ వస్తుంది, హక్కు దరఖాస్తు తేదీ నుంచి లెక్క, పదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. టీఎం ఇప్పుడే వేసుకోవచ్చు. గుండ్రంలో ఆర్ మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చేదాకా వేయకూడదు.

కొత్త దరఖాస్తులు సెర్చ్‌లోకి ఎక్కడానికి కొంత సమయం పడుతుంది. డబ్బు కట్టేముందు మరొక్కసారి అన్నీ వేసి చూడండి.

గుంటూరు_సుభద్ర

సరేనండీ. "అటకమీద" డొమైన్లు .com, .in రెండూ, d బదులు dh ఉన్న స్పెల్లింగ్ కూడా, నా ఈమెయిల్‌తోనే తీసుకున్నాను. సోమవారం మళ్ళీ వెతికి 29, 30కి దరఖాస్తు పెడతాను. అమ్మకి ఇంకా అటకజాడీ మీదే మనసుంది. ఆ 29వాళ్ళకి ఉత్తరం రాసి, ఆ పేరు మేం వాడుకోవడానికి అభ్యంతరం లేదని కాగితం అడగొచ్చా అంటోంది. అలా ఎవరైనా అడిగి తెచ్చుకున్నారా?

డల్లాస్_చీరలక్క

మాకు తెలిసినవాళ్ళు ఇక్కడ అలా అడిగి సంతకం తెచ్చుకున్నారు, కానీ అవతలివాళ్ళు డబ్బు అడిగారు. ఇండియాలో రిజిస్ట్రీ ఆ కాగితం ఒప్పుకుంటుందో లేదో వకీలుగారు చెప్పాలి.

బెజవాడ_మార్కులవకీలు

ఒప్పుకోవడానికి చట్టంలో వీలుంది. 11వ సెక్షన్‌లోనే ముందున్న మార్కు యజమాని సమ్మతి ఇస్తే రిజిస్ట్రార్ రిజిస్టర్ చేయొచ్చని ఉంది. చేయొచ్చనే ఉంది, చేయాలని లేదు. ఉత్తరం రాస్తే మీరున్నట్టు వాళ్ళకి తెలుస్తుంది, వద్దంటే ఆ పేరు ఇక ముట్టుకోలేరు. ముందు అటకమీద దరఖాస్తు నంబరు చేతికి రానివ్వండి. తర్వాత ఉత్తరం ముసాయిదా ఇక్కడ పెట్టండి, చూస్తాను.